పల్టన్ అదే ఉంటుంది, పైన బోర్డులు మారతాయి

"సార్, మాది పరకాల దగ్గర పల్లె. మా పెద్దబ్బాయి ఇంటర్ ఎంపీసీ చేసి అగ్నివీర్ జనరల్ డ్యూటీకి సెలెక్ట్ అయ్యాడు, మద్రాస్ రెజిమెంట్ వచ్చింది. బ్రిగేడ్, డివిజన్, కోర్ అని ఏవేవో అంటున్నారు, ఏది దేంట్లో ఉంటుందో మాకు అర్థం కాదు. బార్డర్ లేని డివిజన్‌లో వేయించొచ్చా? ఒకాయన 60 వేలు ఇస్తే చేయిస్తానంటున్నాడు. కోచింగ్ అకాడమీ వాళ్లేమో ఇది వదిలేసి ఇంకో ఏడాది చదివి టెక్నికల్‌కి పొమ్మంటున్నారు, అది సేఫ్ అంట. రెండింట్లో ఏది మంచిది? వాళ్లమ్మ రోజూ ఏడుస్తోంది."
– ఒక తండ్రి, హనుమకొండ జిల్లా

ముందు ఆ 60 వేలు ఇవ్వకండి. ఇప్పటికే కొంత ఇచ్చి ఉంటే ఇవాళే వెనక్కి అడగండి, ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. ఆయన మీకు అమ్ముతున్న వస్తువు ఆర్మీలో లేనే లేదు. మద్రాస్ రెజిమెంట్ అంటే ఇన్‌ఫాంట్రీ, కాలినడకన పోరాడే బలగం. ఇన్‌ఫాంట్రీ సిపాయిని ఎవరూ డివిజన్‌లో వేయరు. బెటాలియన్‌లో వేస్తారు. ఆ బెటాలియన్ ఏ డివిజన్ కింద ఉంటే, అక్కడ ఉన్నన్నాళ్లు మీవాడూ ఆ డివిజన్ మనిషే. ఈ ఒక్క సంగతి అర్థమైతే మీ టెన్షన్ సగం పోతుంది.

కింది నుంచి చూద్దాం. మీవాడు రోజూ తినేది, పడుకునేది, కాపలా కాసేది పది మందితో. దాన్ని సెక్షన్ అంటారు. మూడు సెక్షన్లు కలిస్తే ముప్పై పైచిలుకు మందితో ఒక ప్లాటూన్. దాన్ని సాధారణంగా నడిపేది సుబేదారో నాయబ్ సుబేదారో. మన హనుమకొండ సుబేదారికి పేరు తెచ్చిన నిజాం కాలపు సుబేదారు వేరు. ఈయన సిపాయిగా చేరి ఇరవై, పాతికేళ్ల సర్వీసుతో పైకొచ్చిన మనిషి, మీవాడికి ఇంటి పెద్ద లాంటివాడు. మూడు ప్లాటూన్లు కలిస్తే ఒక కంపెనీ, సుమారు 120 మంది, పైన ఒక మేజర్. ఇలాంటి రైఫిల్ కంపెనీలు నాలుగు, మోర్టార్ల లాంటి పెద్ద ఆయుధాలు వాడే సపోర్ట్ కంపెనీ ఒకటి, వంట, స్టోర్లు, ఆఫీసు చూసే హెడ్‌క్వార్టర్ కంపెనీ ఒకటి కలిసి బెటాలియన్ అవుతుంది. సుమారు 800 మంది. పైన కల్నల్ హోదాలో ఒక కమాండింగ్ ఆఫీసర్, అంటే సీవో. సిపాయిలు దీన్నే పల్టన్ అంటారు. మామూలుగా ఇన్‌ఫాంట్రీ సిపాయి సర్వీసంతా ఒకే పల్టన్‌లో గడుస్తుంది.

దీని పైన మీరు అడిగిన మూడు మెట్లున్నాయి. మూడు బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, పైన బ్రిగేడియర్. మూడు బ్రిగేడ్లు, ఒక్కోసారి నాలుగు, కలిస్తే డివిజన్, పైన మేజర్ జనరల్. రెండు నుంచి నాలుగు డివిజన్లు కలిస్తే కోర్, పైన లెఫ్టినెంట్ జనరల్. మన ఆర్మీలో ఇలాంటి కోర్‌లు 14 ఉన్నాయి. ఎక్కువచోట్ల మూడు లెక్కే ఎందుకు వస్తుందంటే, రెండింటిని ముందు నిలబెట్టి ఒకదాన్ని చేతిలో ఉంచుకోవడానికి. ముందున్నవాళ్లు అలసిపోయినా, ఒకచోట గండి పడినా పంపడానికి మూడోది ఉండాలి. మేజర్‌కి ప్లాటూన్లతో ఎలాంటి లెక్కో, మేజర్ జనరల్‌కి బ్రిగేడ్లతో అలాంటి లెక్కే.

ఈ మెట్లు మీరు పేపర్లో చూసినవే, గమనించి ఉండరు. 2020 జూన్ 6న లద్దాఖ్ సరిహద్దులో చైనాతో మాట్లాడటానికి వెళ్లింది లేహ్‌లోని 14 కోర్ కమాండర్, లెఫ్టినెంట్ జనరల్. అదే నెల 15 రాత్రి గల్వాన్‌లో తన జవాన్లతో పాటు ముందు నిలబడి ప్రాణం ఇచ్చింది మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు, 16 బిహార్ బెటాలియన్ సీవో. ఆ తర్వాత అక్కడే మాటలు జరిపింది డివిజన్ కమాండర్, మేజర్ జనరల్. ఒకే ఘటనలో కోర్, బెటాలియన్, డివిజన్ మూడూ కనిపించాయి. ఇంకోటి కూడా గమనించండి. ఆ బెటాలియన్ పేరు బిహార్, దాని సీవో తెలంగాణవాడు.

ఇక్కడే చాలామంది రెజిమెంట్ అనే మాట దగ్గర చిక్కుకుంటారు. ఇన్‌ఫాంట్రీలో రెజిమెంట్ ఈ మెట్లలో ఒకటి కాదు. ఇంటిపేరు లాంటిది. మద్రాస్ రెజిమెంట్ సెంటర్ నీలగిరిలోని వెల్లింగ్టన్‌లో ఉంది, మీవాడి ట్రైనింగ్ అక్కడ. ట్రైనింగ్ అయ్యాక ఆ రెజిమెంట్ బెటాలియన్లలో ఒకదానికి పంపుతారు. అవన్నీ ఒక్కచోట ఉండవు. ఒకటి కశ్మీర్‌లో ఒక బ్రిగేడ్ కింద, ఇంకోటి ఈశాన్యంలో మరో బ్రిగేడ్ కింద, మరోటి ఏదో కంటోన్మెంట్‌లో ఉండొచ్చు. కాబట్టి మద్రాస్ వచ్చిందంటే తమిళనాడులో ఉంటాడని కాదు. వాడికి ఆ ఇంటిపేరు వచ్చిందని.

ఇప్పుడు అసలు విషయం. మీ పరకాలనే తీసుకోండి. 2016కి ముందు వరంగల్ జిల్లా. తర్వాత వరంగల్ రూరల్. 2021 నుంచి హనుమకొండ. ఊరు అదే, మనుషులు వాళ్లే, పైన బోర్డు మారింది. బెటాలియన్‌కి పైన ఉన్న బ్రిగేడ్, డివిజన్, కోర్ కూడా అంతే. కాకపోతే బెటాలియన్ ఊరిలా కదలకుండా ఉండదు, సామాన్లు సర్దుకుని మొత్తం 800 మంది కలిసి కొత్త చోటికి వెళతారు.

కార్గిల్‌లో 18 గ్రెనేడియర్స్ అనే బెటాలియన్ సంగతి చూడండి. 1999 జూన్ మొదట్లో తోలోలింగ్ కోసం పోరాడుతున్నప్పుడు అది 56 మౌంటెన్ బ్రిగేడ్ కింద ఉంది. అక్కడ చాలామందిని పోగొట్టుకుంది. జూన్ 13న ఆ శిఖరాన్ని చేతికి తెచ్చింది అదే బ్రిగేడ్‌లోని ఇంకో బెటాలియన్, 2 రాజపుతానా రైఫిల్స్. ఒకటి అలసిపోతే పంపడానికి ఇంకోటి ఉండాలని పైన చెప్పింది ఇందుకే. నెల తిరిగేసరికి టైగర్ హిల్ పని వచ్చింది. అప్పుడు 18 గ్రెనేడియర్స్ 192 మౌంటెన్ బ్రిగేడ్ కింద ఉంది. రెండు బ్రిగేడ్లూ 8వ మౌంటెన్ డివిజన్‌వే. ఆ డివిజన్ అప్పుడు శ్రీనగర్‌లోని 15 కోర్ కింద ఉండేది. అదే ఏడాది కొత్తగా 14 కోర్ పెట్టాక డివిజన్ దాని కిందికి వెళ్లింది. బెటాలియన్‌కి బ్రిగేడ్ మారింది, డివిజన్‌కి కోర్ మారింది. టైగర్ హిల్ ఎక్కిన సిపాయి మాత్రం తోలోలింగ్ దగ్గరున్న తన కంపెనీ వాళ్లతోనే ఎక్కాడు.

యుద్ధం లేనప్పుడు కూడా ఈ మార్పు నడుస్తూనే ఉంటుంది. పల్టన్ రెండు మూడేళ్లు ఫీల్డ్‌లో, అంటే సరిహద్దులోనో కొండల్లోనో ఉంటుంది. తర్వాత పీస్ స్టేషన్‌కి వస్తుంది, మళ్లీ ఫీల్డ్‌కి పోతుంది. ఎప్పుడు ఎక్కడికి అన్నది ఢిల్లీలో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ నిర్ణయిస్తుంది. అగ్నివీర్‌గా మీవాడి నాలుగేళ్లలో ట్రైనింగ్ పోను మూడేళ్ల పైన మిగులుతుంది, అందులో రెండూ చూడొచ్చు, ఎక్కువగా ఫీల్డే చూడొచ్చు. ఒక్క సిపాయి కోసం 800 మందిని కదిలించే మనిషి హనుమకొండ చౌరస్తాలో కూర్చుని 60 వేలు అడగడు. పల్టన్ నుంచి విడిగా కొన్నాళ్లు పంపడం కూడా ఉంటుంది. కశ్మీర్‌లో పనిచేసే రాష్ట్రీయ రైఫిల్స్‌కి అలా పంపుతారు, కానీ అది బార్డర్ నుంచి తప్పించడం కాదు కదా.

ఇక టెక్నికల్ సేఫ్ అన్న మాట. చిన్న లెక్క వేయండి. మూడు బెటాలియన్లంటే 2,400 మంది. కానీ బ్రిగేడ్ మూడు వేలు దాటుతుంది. మూడు బ్రిగేడ్లు తొమ్మిది, పది వేలు. కానీ డివిజన్ 15 వేలు దాటుతుంది. ఆ పైనున్న అయిదారు వేల మంది ఎవరు? ఫిరంగుల రెజిమెంట్ల వాళ్లు, వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే ఇంజినీర్లు, సిగ్నల్స్ వాళ్లు, రేషన్ మోసే ఏఎస్‌సీ వాళ్లు, బండ్లు, తుపాకులు బాగుచేసే ఈఎంఈ వాళ్లు, డాక్టర్లు. వాళ్లలో ఎక్కువమంది మీరు టెక్నికల్ అంటున్నవాళ్లే. వాళ్లూ అదే కొండల మధ్య, అదే డివిజన్‌లో ఉంటారు, కాస్త వెనక. అందరికంటే ముందుండేది ఇన్‌ఫాంట్రీ, ప్రమాదం దానికే ఎక్కువ, అది మీ దగ్గర దాచను. కానీ టెక్నికల్‌కి పోతే బార్డర్ ఉండదని చెప్పినవాళ్లు మీకు అబద్ధం చెప్పారు.

వాళ్లకి అలా చెప్పాల్సిన అవసరం ఏంటో ఆలోచించండి. మీవాడు వెల్లింగ్టన్ వెళితే ఆ అకాడమీకి ఫీజు రాదు. ఆగితే హాస్టల్‌తో కలిపి ఏడాది ఫీజు వస్తుంది. పదేళ్లుగా మన దగ్గర ఊరికో డిఫెన్స్ అకాడమీ బోర్డు లేస్తోంది, ప్రతి బోర్డు మీదా సెలెక్ట్ అయినవాళ్ల ఫొటోలే ఉంటాయి. రెండేళ్లు, మూడేళ్లు అక్కడే ఉండి వయసు దాటిపోయి నా దగ్గరికి వచ్చే పిల్లల ఫొటోలు ఏ బోర్డు మీదా ఉండవు. కిందటేడు ఒక అబ్బాయి వచ్చాడు. చేతికొచ్చిన జనరల్ డ్యూటీ, అంటే జీడీ సెలెక్షన్ ఇలాగే వదిలి టెక్నికల్ కోచింగ్‌లో చేరాడు, మెడికల్‌లో పోయింది. మా ఆఫీసులో గంటసేపు తల ఎత్తలేదు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చే సేవా నిధికి. ఈ ప్యాకేజీ జీడీకైనా టెక్నికల్‌కైనా ఒకటే. పర్మనెంట్ అయ్యేది ఇద్దరిలోనూ 25 శాతం వరకే. ఆ మిగతా 75 శాతం గురించి ఇప్పుడే ఆలోచించండి. డిగ్రీ దూరవిద్యలో నడిపించండి. అది నిజమైన ప్రశ్న, దాన్ని మీరు అడగలేదు.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట అంటాను. కొడుకు సుబేదారి గ్రౌండ్‌లో తెల్లారి నాలుగున్నరకే పరుగెత్తి తెచ్చుకున్న ఉద్యోగం ఇది. వాడు మిమ్మల్ని బార్డర్ లేని డివిజన్ అడిగాడా? వాడు అడగనిదాన్ని మీరు డబ్బు పెట్టి కొనబోయారు. ఆ సంగతి పల్టన్‌లో తెలిస్తే తల దించుకోవాల్సింది వాడు.

వాళ్లమ్మకి ఇది చెప్పండి. ట్రైనింగ్ అయ్యాక మీవాడి అడ్రస్‌లో ఊరు పేరు ఉండదు. వాడి నంబర్, పేరు, కంపెనీ, బెటాలియన్, చివర ఆర్మీ పోస్టాఫీసు గుర్తుగా కేరాఫ్ 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఉంటుంది. బ్రిగేడ్, డివిజన్ అందులో ఉండవు, వాటితో ఇంట్లోవాళ్లకు పని లేదు. పల్టన్ ఎక్కడికి కదిలినా ఉత్తరం వెతుక్కుంటూ వెళ్తుంది. అగ్నివీర్‌కి ఏడాదికి 30 రోజుల సెలవు ఉంది. మొదటిసారి సెలవుకి వచ్చినప్పుడు తన కంపెనీ సుబేదార్ సాబ్ ఫోన్ నంబర్ రాయించుకుని, ఆమె దగ్గరే ఉంచమనండి.