దరఖాస్తులో ‘చేయబడింది’ ఎందుకు బరువవుతుంది?

ఫెలోషిప్ దరఖాస్తులో నేను చేసిన పని గురించి తెలుగులో రాశాను. చదివినవాళ్లు సాగదీసినట్టుంది అంటున్నారు. ఏవి తీసేయాలి?

ముందుగా ‘బడింది’తో ముగిసే క్రియలను చూడండి. “నా ద్వారా గ్రామంలో ఎంతో విజయవంతంగా ఒక గ్రంథాలయం ఏర్పాటు చేయబడిందని తెలియజేయుటకు సంతోషిస్తున్నాను” అనే వాక్యాన్నే తీసుకుందాం. తెలుగులో క్రియ చివరి ప్రత్యయమే కర్త ఎవరో చెప్పేస్తుంది కాబట్టి, ‘చేశాను’ అని రాస్తే ‘నా ద్వారా’ అన్న మాటకు పని ఉండదు, ప్రతి వాక్యంలోనూ ‘నేను’ అని రాయాల్సిన అవసరమూ ఉండదు. ‘తెలియజేయుటకు సంతోషిస్తున్నాను’ అనేది ఊతపదమే. దరఖాస్తు ఉన్నదే తెలియజేయడానికి.

ఇక ‘విజయవంతంగా’ అన్నది మీరు మీకే వేసుకున్న మార్కు. దాని స్థానంలో జరిగిన విషయం పెట్టండి: “పాత పంచాయతీ గదిలో 400 పుస్తకాలతో గ్రంథాలయం ఏర్పాటు చేశాను, రోజూ 20 మంది పిల్లలు వస్తున్నారు.” ఇక్కడ ‘రోజూ’ కూడా క్రియావిశేషణమే, కానీ దాన్ని తీసేస్తే సమాచారం పోతుంది కనుక ఉంచాలి. ‘ఎంతో’ తీసేస్తే ఏమీ పోదు.

అయితే పని నలుగురు కలిసి చేసినప్పుడు ‘చేశాను’ అనడం అబద్ధమవుతుంది. అప్పుడు “నలుగురం కలిసి గది బాగుచేశాం, పుస్తకాలు నేను సేకరించాను” అని విడదీసి రాయండి. నిజానికి ఎంపిక చేసేవారు వెతికేది ఆ రెండో సగాన్నే. కర్త ఎవరో తెలియనప్పుడు, లేదా అనవసరమైనప్పుడు కూడా, ‘బడు’ తప్పనిసరి కాదు: ‘పాఠశాల మూసివేయబడింది’ బదులు ‘పాఠశాల మూతపడింది’ చాలు.