టెక్ సందేహాలు: స్కిప్ పాయింటర్లు పెట్టినా సెర్చ్ వేగం ఎందుకు పెరగలేదు?

సుమారు 20 లక్షల కస్టమర్ మెసేజ్‌లకు సొంతంగా సెర్చ్ ప్రోగ్రామ్ రాసుకున్నాను. ‘బార్‌కోడ్’ అని ఒక్క పదం కొడితే వెంటనే వస్తుంది. ‘బార్‌కోడ్ ప్రింటర్ డ్రైవర్’ అని మూడూ ఉన్నవి కావాలంటే మాత్రం నత్తనడక. బార్‌కోడ్ ఉన్న మెసేజ్‌లు 100 మాత్రమే. ప్రింటర్ రెండున్నర లక్షల్లో, డ్రైవర్ 10 లక్షల్లో ఉన్నాయి. స్కిప్ పాయింటర్లు పెట్టమంటే లిస్టు పొడవుకు వర్గమూలం లెక్కన పెట్టాను. వేగం కొద్దిగానే పెరిగింది. పైగా ఇంతకుముందు వచ్చిన ఫలితాల్లో కొన్ని ఇప్పుడు రావడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?

ముందు మాయమైన ఫలితాల సంగతి చూద్దాం. సెర్చ్ నెమ్మదిస్తే ఆ సంగతి వాడేవాళ్లకు తెలుస్తుంది. ఉన్న మెసేజ్ రాకపోతే మాత్రం అసలు లేదనే అనుకుంటారు.

మీ ‘డ్రైవర్’ పోస్టింగ్ లిస్టు, అంటే ఆ పదం ఉన్న మెసేజ్‌ల నంబర్ల వరస, ఇలా మొదలవుతుందనుకుందాం. అర్థం కావడానికి నాలుగేసి నంబర్ల బ్లాకుకు ఒక స్కిప్ పెడుతున్నాను, అంటే ఆ బ్లాకు మొదటికి నేరుగా దూకే గుర్తు.

```
postings: 3 8 12 19 | 27 34 41 48 | 56 63 70 77 | 85 92 99 108 | 115 ...
skip:     3         | 27          | 56          | 85           | 115
```

‘బార్‌కోడ్’ లిస్టులో 8, 92 ఉన్నాయి. 8 రెండింట్లోనూ దొరికింది. ఇక 92 ఉందో లేదో తేలాలి. స్కిప్పులు లేకపోతే 12, 19, 27 అంటూ మధ్యలో ఉన్నవన్నీ చదువుకుంటూ 92 దాకా నడవాల్సిందే. స్కిప్పులు ఉంటే పై వరస మానేసి కింది వరస చూస్తాం. 27 మనకు కావాల్సిన 92ని దాటలేదు, దూకొచ్చు. 56 దాటలేదు, 85 కూడా దాటలేదు. 115 దాటింది కాబట్టి 85 దగ్గరే ఆగి, అక్కడి నుంచి ఒక్కొక్కటిగా నడుస్తాం. మరుసటి నంబరే 92. మధ్యలో 34, 41, 48, 63, 70, 77లను ముట్టుకోనే లేదు.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ‘నేను దూకబోయే చోట ఉన్న నంబరు, వెతుకుతున్న నంబరును దాటిందా?’ అన్నది. చాలామంది ‘నేను ఇప్పుడున్న చోటి నంబరు చిన్నదేనా?’ అని అడిగి దూకేస్తారు. 85 అనేది 92 కన్నా చిన్నదే కదా అని అక్కడి నుంచి 115కి దూకితే 92 వెనకే ఉండిపోతుంది. లిస్టులో వెనక్కి రావడం ఉండదు కాబట్టి ఆ మెసేజ్ ఇక ఫలితాల్లోకి రాదు. సరైన రూపం ఇది:

```python
def advance(p, target):
    while p.next_skip and p.next_skip.doc <= target:
        p.jump()
    while p.doc < target:
        p.next()
    return p.doc
```

లిస్టు అయిపోయాక `p.doc` ఏ మెసేజ్ నంబరుకూ అందనంత పెద్ద సంఖ్య కావాలి, లేదంటే రెండో లూప్ ఆగదు. `<=` బదులు `<` రాస్తే ఫలితాలు పోవు, ఒక బ్లాకు అదనంగా నడుస్తారు, అంతే.

ఇలాంటి లక్షణాలే కనిపించే తప్పు ఇంకొకటి ఉంది. పోస్టింగ్ లిస్టులను సాధారణంగా నంబర్లుగా కాక వాటి మధ్య తేడాలుగా దాస్తారు. 19 తర్వాత 27 వస్తే అక్కడ ఉండేది 8, ఆ తర్వాతి 34కి 7. చిన్న సంఖ్యలకు తక్కువ బైట్లు చాలు కాబట్టి ఈ ఏర్పాటు. కానీ తేడాలు మాత్రమే ఉన్నచోటికి నేరుగా దూకితే మీరు ఏ నంబరు దగ్గర ఉన్నారో తెలియదు. అందుకని ప్రతి స్కిప్‌లోనూ రెండు విషయాలు ఉండాలి: అక్కడి అసలు నంబరు, చదవడం ఏ బైటు నుంచి కొనసాగించాలో ఆ స్థానం. స్కిప్‌లో 27 అని ఉంటే, ఆ స్థానం 27 తాలూకు తేడా అయిపోయిన తర్వాతి బైటు కావాలి. పొరపాటున ఆ తేడా మొదలయ్యే బైటునే చూపిస్తే 27కి మళ్లీ 8 కలిసి 35 అవుతుంది. 34 రావాల్సిన చోట 35, ఆ తర్వాత 42, 49... ఇక అక్కడి నుంచి అన్నీ తప్పే. మరో స్కిప్ ఎక్కితే అక్కడి అసలు నంబరుతో లెక్క మళ్లీ మొదలవుతుంది గానీ, ఆ స్కిప్‌లోనూ అదే పొరపాటు ఉంటుంది.

రెండింటినీ విడదీయడం తేలికే. దూకుడు షరతు తప్పైతే ఫలితాలు తగ్గుతాయి గానీ, వచ్చినవన్నీ సరైనవే. బైటు స్థానం తప్పైతే ఉన్నవి పోవడమే కాకుండా, ఆ పదమే లేని మెసేజ్‌లు అక్కడక్కడా తగులుతాయి. మీరు తగ్గాయనే రాశారు, చెత్త వచ్చిందని రాయలేదు కాబట్టి నా అనుమానం షరతు మీదే. ఎలాగైనా స్కిప్పులు ఆపేసే స్విచ్ ఒకటి ప్రోగ్రామ్‌లో పెట్టుకోండి. ఒకే ప్రశ్నను ఆ స్విచ్ వేసి, తీసి నడిపితే రెండుసార్లూ ఒకే జాబితా రావాలి. స్కిప్పులు వేగాన్ని మార్చవచ్చు గానీ, జవాబును మార్చకూడదు.

ఇక వేగం. వర్గమూలం లెక్క తప్పు కాదు, కానీ అది ఏ ప్రశ్నకు జవాబో చూడండి. లిస్టు పొడవు N, రెండు స్కిప్పుల మధ్య దూరం k అనుకుంటే, ఒక్క నంబరు కోసం అటూ ఇటుగా N/k స్కిప్పులు దాటి, బ్లాకు లోపల మహా అయితే k అడుగులు నడవాలి. ఈ రెండింటి మొత్తం అతి తక్కువయ్యేది k సరిగ్గా √N అయినప్పుడు. అంటే అది ఒక్క నంబరును వెతికే లెక్క. మీరు వెతుకుతున్నది 100 నంబర్లు. స్కిప్పుల వరసను ఒక్కసారి దాటితే చాలు గానీ, బ్లాకు లోపలి నడక ప్రతి నంబరుకూ పడుతుంది.

మీ ‘డ్రైవర్’ లిస్టుకే వేసి చూద్దాం. 10 లక్షలకు వర్గమూలం 1000. స్కిప్పులు 1000 దాటతారు. ఒక్కో నంబరుకు బ్లాకులో సగటున 500 అడుగులు, 100 నంబర్లకు 50,000. మొత్తం 51,000. అదే స్కిప్‌ను 128కి ఒకటి పెడితే స్కిప్పులు దాదాపు 7,800 అవుతాయి, నడక 100 × 64 కలిపి 6,400. మొత్తం 14,200. స్కిప్పులు దగ్గరైతే వాటి వరసే పెరిగి పోతుందేమో అనిపిస్తుంది గానీ, ఇక్కడ లాభమే ఎక్కువ. లూసీన్ అనే సెర్చ్ లైబ్రరీ 4.1 వెర్షన్ నుంచి చాలా ఏళ్లపాటు 128 నంబర్ల బ్లాకులే వాడింది. ఆ స్కిప్పుల మీద మళ్లీ ఎనిమిదికి ఒకటి చొప్పున పై అంతస్తులు పెట్టింది, దూరంగా పోవాలంటే ఆ పై అంతస్తు మీద పోవచ్చు. ఈ అంతస్తుల ఆలోచన విలియం ప్యూ స్కిప్ లిస్టుల నుంచి వచ్చింది. తేడాలుగా కుదించిన లిస్టుల మధ్యలో ఇలా దూకుడు స్థానాలు ఇమిడ్చే పద్ధతిని 1996లో అలిస్టర్ మోఫాట్, జస్టిన్ జోబెల్ వివరంగా రాశారు. మీ సైజుకు ఒక్క అంతస్తు చాలు.

అయితే 51,000 కూడా 10 లక్షల ముందు చిన్నదే. దానికే మీకు గట్టి తేడా కనిపించి ఉండాలి. కనిపించలేదంటే కారణం బహుశా వేరే. మీ ప్రోగ్రామ్ లిస్టు మొత్తాన్ని డిస్క్ నుంచి చదివి, తేడాలన్నీ విప్పి, మెమరీలో అరే చేసుకున్నాక అప్పుడు స్కిప్పులు వాడుతోందా? చూడండి. అలాగైతే మిగిలేది కాసిని పోలికలే, అసలు ఖర్చు విప్పడంలోనే అయిపోయింది. `next()` లోపల ఒక కౌంటర్ పెట్టి, ఒక ప్రశ్నకు ఎన్ని నంబర్లు విప్పారో లెక్కపెట్టండి. స్కిప్పులు ఉన్నా లేకపోయినా ఆ సంఖ్య లక్షల్లోనే ఉంటే దొంగ దొరికినట్టే. మెమరీలో విప్పిన అరేలే ఉంచుకోవాలనుకుంటే స్కిప్ పాయింటర్లతో పనే లేదు, అరేలో బైనరీ సెర్చ్ చేసుకోవచ్చు.

రెండో కారణం పదాల వరస. వాడేవారు టైప్ చేసిన వరసలో కాకుండా, చిన్న లిస్టు ఉన్న పదంతో మొదలుపెట్టాలి. ‘ప్రింటర్’ను ముందుగా ‘డ్రైవర్’తో కలిపితే, రెండున్నర లక్షల నంబర్లను 10 లక్షల్లో వెతకాలి. సగటున ప్రతి నాలుగో నంబరు దగ్గరా ఆగాల్సిందే. 128 దూరం ఉన్న స్కిప్ అక్కడ దాదాపు ఎప్పుడూ పనికిరాదు, ప్రతిసారీ దాన్ని చూసి వదిలేసే ఖర్చు అదనం. పొడవులు దగ్గరగా ఉన్న లిస్టులకు ఏ ఇంజిన్‌లోనైనా ఇదే పరిస్థితి. పైగా రెండు లిస్టులు కలిపితే వచ్చిన మధ్యంతర జాబితాకు స్కిప్పులు ఉండవు, అవి ఇండెక్స్‌లో రాసిపెట్టిన లిస్టులకే.

అందుకే మూడింటినీ జంటలుగా కలపకుండా ఒకేసారి నడపండి. ‘బార్‌కోడ్’ నుంచి ఒక నంబరు తీసుకోండి, 8 అనుకుందాం. ‘ప్రింటర్’లో `advance(8)` అడగండి. అది 15 చూపిస్తే 8 అక్కడ లేదు. ‘డ్రైవర్’ను 8 గురించి అడగనవసరమే లేదు. వెనక్కి వచ్చి ‘బార్‌కోడ్’నే `advance(15)` అడగండి, అక్కడ తర్వాతిది 92. ఇప్పుడు ‘ప్రింటర్’ను 92కి పంపండి, అక్కడా ఉంటేనే ‘డ్రైవర్’ వంతు. ఈ పద్ధతిలో రెండు పొడవాటి లిస్టుల్లోనూ మీరు చూసేవి సగటున మొత్తం 22,600 దాటవు. స్కిప్పులు లేకుండా అయితే పన్నెండున్నర లక్షల దాకా పోతుంది.

ఒక్క పరిమితి: ఇదంతా అన్ని పదాలూ ఉండాలన్న ప్రశ్నలకే. ఏదో ఒక పదం ఉంటే చాలు, మొత్తం జాబితా కావాలి అంటే ప్రతి నంబరూ ఫలితమే, దూకడానికి చోటు లేదు.

రోజూ కొత్త డాక్యుమెంట్లు చేరుతుంటే, పాతవి చెరిపేస్తుంటే స్కిప్ పాయింటర్లను ప్రతిసారీ తిరగరాయాలా?

కొత్తవాటికి ఎప్పుడూ పెద్ద నంబరే ఇస్తే అక్కర్లేదు. అవి లిస్టు చివర చేరతాయి, 128 నిండగానే మరో స్కిప్ రాస్తే సరి. మధ్యలో ఒక నంబరు దూర్చారంటే మాత్రం అక్కడి నుంచి బైటు స్థానాలన్నీ జరిగిపోతాయి. చెరిపేసినవాటిని లిస్టులోంచి తీయకండి. వాటి నంబర్లను విడిగా ఒక బిట్‌మ్యాప్‌లో గుర్తుపెట్టి, ఫలితం ఇచ్చే ముందు వడకట్టండి. లూసీన్ కూడా ఒకసారి రాసిన సెగ్మెంట్‌లోని లిస్టులను ముట్టుకోదు. సెగ్మెంట్లను కలిపి కొత్తది రాసేటప్పుడు చెరిపేసినవి వదిలేసి, స్కిప్పులను మొదటి నుంచి వేసుకుంటుంది.