రంగం మారేవాళ్లు రెజ్యూమె పైన ఆబ్జెక్టివ్ రాయాలా, సమ్మరీ రాయాలా?

ఇండియాలో ఆరేళ్లు జూనియర్ కాలేజీలో మ్యాథ్స్ చెప్పి, పెళ్లయ్యాక డాలస్ వచ్చి, హెచ్4 ఈఏడీ చేతికొచ్చాక డేటా అనలిస్ట్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్న ఒకమ్మాయి ఈ మధ్య నాకు తన రెజ్యూమె పంపింది. పైన ఆబ్జెక్టివ్ ఉంది. "పేరున్న సంస్థలో నా నైపుణ్యాలను వినియోగిస్తూ సంస్థతో పాటు ఎదిగే సవాలుతో కూడిన ఉద్యోగం కోసం చూస్తున్నాను" అని. మనందరం క్యాంపస్ ప్లేస్‌మెంట్ల రోజుల్లో రాసిన వాక్యమే అది. అందులో ఏ ఉద్యోగమో లేదు, ఏం వచ్చో లేదు. బ్యాంకుకీ, బడికీ, ఫ్యాక్టరీకీ ఒక్క మాట మార్చకుండా పంపొచ్చు. ఇలాంటి ఆబ్జెక్టివ్ ఉండటం కంటే అక్కడ ఏమీ లేకపోవడమే మేలు.

ఎవరో చెబితే దాన్ని తీసేసి సమ్మరీ పెట్టింది. "ఆరేళ్ల అనుభవం ఉన్న మ్యాథ్స్ లెక్చరర్, తరగతి నిర్వహణలో దిట్ట" అని మొదలైంది. అందులో అబద్ధం లేదు, కానీ రంగం మారేవాళ్లకు సమ్మరీ నష్టం చేసేది సరిగ్గా ఇక్కడే. రిక్రూటర్ మొదటి లైను చూసి "ఈమె టీచర్, పొరపాటున ఇక్కడ అప్లై చేసింది" అనుకుని పక్కన పెడతారు. కింద ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ అని రాసి ఉన్నా అక్కడిదాకా వెళ్లరు. ఆ రెజ్యూమెకి ఆమెకు వచ్చిన ఫోన్లన్నీ ట్యూషన్ సెంటర్ల నుంచే.

మేమిద్దరం కూర్చుని ఆ సమ్మరీని మార్చింది ఇలా. మొదటి లైనులోనే మారుతున్న సంగతి దాచకుండా పెట్టాం: మ్యాథ్స్ బోధన నుంచి డేటా అనాలిసిస్‌కి మారుతున్నాను, ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, పవర్ బీఐ వచ్చు అని. రెండో లైనుకి పాత పనిలోంచి కొత్త పనికి పనికొచ్చేది వెతికాం. ఆ కాలేజీలో వారం వారం పెట్టే టెస్టుల మార్కులన్నీ ఎక్సెల్‌లో పెట్టి, ఏ సెక్షన్ ఏ చాప్టర్‌లో వెనకబడిందో ప్రిన్సిపాల్‌కి రిపోర్టు ఇచ్చేది తనేనట! ఇన్నాళ్లూ దాన్ని రెజ్యూమెలో ఎక్కడా రాయలేదు, అది "క్లరికల్ పని" అనుకుంది. మూడో లైనులో, తను డాలస్ నగరం అందరికీ అందుబాటులో పెట్టిన డేటాతో చేసిన ప్రాజెక్టు. అంతే, మూడు లైన్లు. పైన రాసిన ప్రతి మాటకీ కింద అనుభవంలోనో ప్రాజెక్టులోనో ఒక రుజువు లైను ఉండేలా చూశాం, ఎందుకంటే ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే. ఎందుకు మారుతున్నావన్న కథ కవర్ లెటర్‌కి వదిలేశాం.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఐటీ కన్సల్టెన్సీల రెజ్యూమెల్లో సమ్మరీ పేరుతో పదిహేను ఇరవై బుల్లెట్లు ఉంటాయి, చాలామంది వాటినే నమూనాగా తీసుకుంటారు. అవి అదే రంగంలో ఏళ్లు పనిచేసినవాళ్ల కోసం. కొత్తగా వచ్చేవాళ్లు అలా రాస్తే లేని అనుభవాన్ని సాగదీసినట్టే ఉంటుంది, కొందరు నిజంగానే లేనిది కూడా రాసేస్తారు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పాత యజమాని దగ్గర తేదీలూ హోదా సరిచూస్తారు.

మరి ఆబ్జెక్టివ్ ఎప్పుడూ వద్దా అంటే, కాదు. పాత పనికీ కొత్త పనికీ చెప్పుకోదగ్గ వంతెన లేనప్పుడు అదే నయం. ఉదాహరణకి ఇండియాలో పదేళ్లు అకౌంటెంట్‌గా చేసినాయన టెక్సస్‌లో ఫార్మసీ టెక్నీషియన్ ట్రైనీ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారనుకోండి. పదేళ్ల అకౌంట్లతో సమ్మరీ రాస్తే, "ఇంత అనుభవం ఉన్నాయన ఇక్కడికెందుకు, రెండు నెలల్లో వెళ్లిపోతాడేమో" అన్న అనుమానమే మిగులుతుంది. ఆబ్జెక్టివ్ రెండు లైన్లలో ఆ అనుమానం తీరుస్తుంది: రాష్ట్ర ఫార్మసీ బోర్డులో ట్రైనీగా రిజిస్టర్ అయ్యాను, రిటైల్ ఫార్మసీలో పనిచేస్తూ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలనుకుంటున్నాను, సాయంత్రాలూ వారాంతాలూ రాగలను, తెలుగు, హిందీ మాట్లాడతాను. చూడండి, ఇందులో కూడా "నాకేం కావాలి" అన్నది కొంచెమే, వాళ్లకి పనికొచ్చేదే ఎక్కువ. ఇంటర్న్‌షిప్‌లకీ, గ్యాప్ తర్వాత తిరిగి వచ్చేవాళ్ల కోసం పెట్టే రిటర్న్‌షిప్‌లకీ ఇదే పద్ధతి బాగుంటుంది.

రెండింట్లో ఏది రాసినా టెక్స్ట్ బాక్సులో గానీ పేజీ హెడర్‌లో గానీ పెట్టకండి, కొన్ని కంపెనీల సాఫ్ట్‌వేర్ అక్కడున్నది చదవదు. వీసా వివరాలు కూడా అక్కడ రాయక్కర్లేదు, అప్లికేషన్ ఫారంలో ఎలాగూ విడిగా అడుగుతారు.

మార్చాక కొన్ని వారాలు ఫోన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో గమనించండి. పాత రంగం నుంచే వస్తుంటే మొదటి లైను ఇంకా పాత ఉద్యోగమే చెబుతోందన్నమాట, దాన్ని మార్చండి. కొత్త రంగం వాళ్లు ఫోన్ చేసి మొదటి రౌండ్‌లోనే ఆపేస్తుంటే పైన లైన్లు సరిగానే ఉన్నాయి, చూసుకోవాల్సింది కింద రాసిన రుజువులు.