హౌస్ లోన్ వెరిఫికేషన్ తేదీ మార్చమని బ్యాంకుకు ఎలా రాయాలి?

ప్రశ్న: 12వ తేదీ గురువారం ఒరిజినల్స్ తీసుకుని ఇద్దరూ రమ్మని అనంతపురం బ్రాంచి నుంచి మెసేజ్ వచ్చింది. అదే రోజు అమ్మకు కర్నూలులో కంటి ఆపరేషన్. కో-అప్లికెంట్ అమ్మే. ఫోన్‌లో చెబితే చాలా, రాయాలా?

జవాబు:

రాయండి. ఫోన్‌లో 'సరేలే' అన్న ఆఫీసరు రేపు సెలవు పెట్టినా, బదిలీ అయినా ఫైల్లో మాత్రం 'పార్టీ రాలేదు' అనే ఉంటుంది. ఒరిజినల్స్ ఇచ్చి తమ్ముణ్ణి పంపే ఆలోచన ఉంటే మానుకోండి. సంతకాలు ఎదురుగా పెట్టించుకోవాలనే ఇద్దరినీ పిలుస్తారు.

బ్రాంచి మేనేజరు పేరున తెల్లకాగితం మీద ఇలా రాస్తే సరిపోతుంది:

"విషయం: గృహ రుణ దరఖాస్తు నం. ____ – 12వ తేదీ పత్రాల పరిశీలన వాయిదా గురించి.

అయ్యా, 12న మా అమ్మగారికి (సహ దరఖాస్తుదారు) కర్నూలులో కంటి ఆపరేషన్ ఉన్నందున ఇద్దరం రాలేము. దరఖాస్తును కొనసాగిస్తూ, 24 మంగళవారం గానీ 25 బుధవారం గానీ ఉదయం సమయం ఇవ్వగలరు. ఒరిజినల్ పత్రాలన్నీ మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. జత: ఆసుపత్రి చీటీ నకలు."

కింద ఇద్దరి సంతకాలు, ఫోన్ నంబరు, తేదీ.

'దరఖాస్తును కొనసాగిస్తూ' అన్న మాట వదలొద్దు. అది లేకపోతే లోన్ వద్దనుకున్నారని ఫైలు పక్కన పెట్టే వీలుంది. రెండు తేదీలు మీరే ఇస్తే వాళ్లు ఒకటి ఎంచుకుంటారు. 'మీకు వీలైనప్పుడు' అని రాస్తే ఎవరూ ఎంచుకోరు. 14, 28 రెండో, నాలుగో శనివారాలు, బ్యాంకుకు సెలవు. నెలాఖరు హడావుడిలో కూడా అడక్కండి. ఆపరేషన్ తర్వాత కర్నూలు నుంచి దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం కాబట్టి 24 కంటే ముందుకు జరపకపోవడమే నయం. ఆసుపత్రి చరిత్రంతా రాయక్కర్లేదు, చీటీ నకలు చాలు.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద బ్రాంచి సీలు, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. ఆ కాగితం ఫోటో తీసి మెసేజ్ వచ్చిన ఈమెయిల్‌కే జవాబుగా పంపండి. చాలా బ్యాంకుల్లో హౌస్ లోన్ ఫైలు బ్రాంచిలో ఉండదు, వేరే ప్రాసెసింగ్ సెల్‌లో ఉంటుంది. ఉత్తరం బ్రాంచికి చేరి, సెల్‌కు చేరకపోవడం వల్లే ఎక్కువ గొడవలొస్తాయి. అందుకే ఫైలు ఎక్కడుందో కౌంటరులోనే అడిగి, అక్కడికీ ఒక కాపీ పంపండి.

ఇంకొకటి. తేదీ జరిగితే, ఆస్తి మీద ఉన్న రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే ఈసీ పాతబడుతుంది. మీరిచ్చిన ఈసీ ఏ తేదీ వరకు ఉందో చూసి, అక్కడి నుంచి ఇప్పటి వరకు కొత్తది కావాలా అని ముందే అడగండి. లేకపోతే 24న ఇద్దరూ వెళ్లాక, పత్రాలు చూసే బ్యాంకు లాయరు ఆ ఒక్క కాగితం కోసం మళ్లీ రమ్మనొచ్చు.