టెక్ సందేహాలు: ఏడు మెరుపుల లెక్క

ప్రశ్న: మా బత్తాయి తోటలో నేల తేమ చూసి బోరు మోటారు వేసేలా రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకున్నాను. పాత ఫోన్ ఛార్జర్, మెమరీ కార్డుతో నడుస్తుంది. మొన్న అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. అప్పటి నుంచి ఎర్ర లైటు వెలుగుతుంది కానీ బూట్ కావట్లేదు. ఆకుపచ్చ లైటు ఏడుసార్లు టకటకా కొట్టి ఆగుతుంది, మళ్లీ అదే. బోర్డు పోయినట్టేనా? స్టెబిలైజర్ కొనాలా?
– దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

బోర్డు పోలేదు. మీరు ఆ మెరుపులు లెక్కపెట్టడమే సగం పని చేసింది. మామూలుగా బూట్ అయ్యేటప్పుడు ఆకుపచ్చ లైటు కార్డు చదివినప్పుడల్లా అడ్డదిడ్డంగా మెరుస్తుంది. ఒకే లెక్క, చిన్న విరామం, మళ్లీ అదే లెక్క వస్తే మాత్రం అది బోర్డు చెప్పే ఎర్రర్ కోడ్. కంటితో తప్పిపోతాం కాబట్టి ఫోన్లో వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడండి. పొట్టి మెరుపులు ఏడైతే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఫైలు దొరకలేదని అర్థం. నాలుగైతే అంతకుముందు మెట్టులోని `start4.elf` దొరకలేదని. ముందు రెండు పొడుగు మెరుపులు వచ్చి ఆ తర్వాత ఒక పొట్టిది వస్తే కార్డులో బూట్ పార్టిషనే గుర్తుపట్టేలా లేదని.

ఏడు దాకా వచ్చిందంటే బోర్డు లేచింది, కార్డు తెరిచింది, బూట్ పార్టిషన్ చదివింది, చివరి మెట్టు దగ్గర ఆగింది. అప్‌డేట్ కొత్త కెర్నల్‌ను కార్డు మీద రాస్తుండగా కరెంటు పోతే సరిగ్గా ఇదే జరుగుతుంది.

కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టండి. విండోస్ అయితే `bootfs` అనే డ్రైవ్ తెరుచుకుంటుంది. దానితో పాటే ఇంకో డ్రైవ్‌ను ఫార్మాట్ చేయాలని అడుగుతుంది. అక్కడ క్యాన్సిల్ నొక్కండి. అది లైనక్స్ పార్టిషన్, విండోస్‌కు చదవడం రాదు, అంతే. మీ ప్రోగ్రామూ తేమ రికార్డులూ ఉన్నది అందులోనే. `bootfs`లో `kernel8.img` (32 బిట్ సిస్టమ్ అయితే `kernel7l.img`) ఉందో, సైజు సున్నా అయిందో చూడండి.

ఆ ఒక్క ఫైలును వేరే కార్డు నుంచి తెచ్చి పెడితే సరిపోదా అని అనిపిస్తుంది. బూట్ అయితే కావచ్చు. కానీ కెర్నల్ వెర్షన్ లోపలి మాడ్యూళ్లతో కలవకపోతే వైఫై లాంటివి పనిచేయవు, అప్పుడు ఇంకో తలనొప్పి. లైనక్స్ ఉన్న ల్యాప్‌టాప్‌లో మీ ఫైళ్లు కాపీ చేసుకుని, కొత్త కార్డులో సిస్టమ్ తాజాగా ఎక్కించడమే నయం. పాత కార్డును పారేయకండి. ఖాళీ చేసి ఫార్మాట్ చేశాక హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి, తిరిగి చదివించండి. తప్పు లేకుండా వస్తే కార్డు మంచిదే, కరెంటు పోవడం వల్లే ఫైలు చెడింది. మహబూబ్‌నగర్‌లో నేను ఒకసారి చవగ్గా కొన్న 64 జీబీ కార్డు ఈ పరీక్షలో 8 జీబీ దగ్గరే చేతులెత్తేసింది. అంతవరకూ బ్రహ్మాండంగా నడిచింది మరి.

ఇక స్టెబిలైజర్ అక్కర్లేదు. ఛార్జర్ మీద 100-240V అని రాసి ఉంటుంది చూడండి. మోటారు వేసినప్పుడు లైను 180కి పడినా దానికి పట్టదు. బోర్డు పట్టించుకునే లో వోల్టేజీ ఛార్జర్‌కు అవతలి వైపు, 5 వోల్టుల దగ్గర ఉంటుంది. బోర్డు దగ్గర 4.63 వోల్టుల కంటే తగ్గితే అది వోల్టేజీ పడినట్టు లెక్కకడుతుంది. సన్నని కేబుల్ నిరోధం రానూపోనూ 0.2 ఓమ్‌లు అనుకోండి. బోర్డు 2 ఆంపియర్లు లాగితే దారిలోనే 0.4 వోల్టులు పోతాయి, 5లో మిగిలేది 4.6. అందుకే దీని అసలు ఛార్జర్ 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇస్తుంది. ఎర్ర లైటు వెలగడం కరెంటు వస్తోందనడానికే సాక్ష్యం, చాలినంత వస్తోందనడానికి కాదు.

కొత్త కార్డుతో లేచాక, రిలే, సెన్సర్లు అన్నీ పెట్టి ఒక పూట నడిపించి ఇది టైప్ చేయండి:

```
vcgencmd get_throttled
```

`0x0` వస్తే నిశ్చింత. `0x50000` వస్తే ఇప్పుడు బాగానే ఉన్నా, ఆన్ చేశాక ఎప్పుడో వోల్టేజీ పడి వేగం తగ్గిందని. `0x50005` అయితే ఈ క్షణమూ పడే ఉంది. ముందు పొట్టి, మందం కేబుల్ మార్చి చూడండి, తర్వాత ఛార్జర్. రీబూట్ చేస్తే ఈ లెక్క చెరిగిపోతుంది, కాబట్టి చేయకముందే చూడాలి.

ఛార్జర్ ఎంత మంచిదైనా కరెంటు పూర్తిగా పోతే కార్డును కాపాడలేదు. ఈసారి అప్‌డేట్ చేయాలంటే పైని ఇంటికి తెచ్చి, ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గులో పెట్టి చేయండి.