భీమవరం ఫ్లాట్ అద్దెకిస్తున్నారా? రిపేర్ల క్లాజు చదివి సంతకం పెట్టండి

మెల్‌బోర్న్ వచ్చిన కొత్తలో భీమవరంలోని మా ఫ్లాట్ అద్దెకిచ్చాం. అద్దె 14,000, అడ్వాన్స్ మూడు నెలలది, 42,000. రైటర్ దగ్గరున్న పాత కాపీలో పేర్లు మార్పించి, మా బావగారు పదకొండు నెలల అగ్రిమెంట్ రాయించారు. ఏడాది దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అనుకుని అందరూ పదకొండుతోనే ఆపుతారు, కానీ ఆంధ్రప్రదేశ్‌లో ఎంత గడువు లీజైనా రిజిస్టర్ చేయించాలనే చట్టం. అందులో ‘చిన్న రిపేర్లు అద్దెదారు, పెద్దవి యజమాని’ అని ఒక్క లైను.

ఎనిమిదో నెలలో గీజర్ పోయింది. పెద్ద రిపేరని అద్దెదారు, చిన్నదని నేను. రెండు వారాలు వాట్సాప్‌లో వాదించుకున్నాం. ప్లంబర్ కాయిల్ విప్పి ఫొటో పంపాడు: వేలెడు మందాన తెల్లటి గార. మా బోరు నీళ్ల చలవ! అద్దెదారు తప్పేముంది? చివరికి ఆయనే బాగుచేయించి, 2,400 అద్దెలో కోసుకున్నాడు. తీరా చూస్తే, యజమాని చేయించాల్సిన రిపేరును చెప్పినా పట్టించుకోకపోతే అలా కోసుకునే హక్కు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోనే ఉంది.

ఇప్పుడు చిన్నా పెద్దా అని రాయించను. కొళాయి వాషర్లు, స్విచ్‌ల వంటివి ఒక్కోసారి 1,000 దాకా అద్దెదారువి. గోడల చెమ్మ, పైపులు, వైరింగ్, గీజర్ కాయిల్ మావి. వాళ్ల చేతుల్లో పగిలింది ఎంతైనా వాళ్లదే. ఫొటో పెట్టి చెప్పిన ఏడు రోజుల్లో మేం కదలకపోతే, వాళ్లే చేయించి బిల్లు పంపి అద్దెలో మినహాయించుకోవచ్చు.

మెయింటెనెన్స్ కూడా అంతే. అసోసియేషన్‌కు నెలనెలా కట్టే 1,500 అద్దెదారుది. లిఫ్ట్ మోటారు మార్చినా, బిల్డింగ్‌కు రంగులేసినా వేసే చందా ఓనరుది. ఈ రెండో ముక్క రాయకపోతే గొడవ ఖాయం.

ఖాళీ చేసేటప్పుడు ఇంకో పేచీ. నెల ముందు చెప్పాలని రాసుకున్నాం, ఆయన పది రోజుల ముందు చెప్పాడు. తగ్గిన ఇరవై రోజులకు 9,333, బాకీ మెయింటెనెన్స్ 1,500 పోను 31,167 తిరిగిచ్చాం. రంగులకు ఒక నెల అద్దె కోసుకోవడం ఆనవాయితీ అని బావగారు పట్టుబట్టారు. అగ్రిమెంట్‌లో ఆ మాటే లేదు. పైగా పడగ్గది గోడ పెచ్చులూడింది పై ఫ్లాట్ బాత్రూం లీకు వల్ల. అది ఎప్పటి నుంచీ ఉందో తేల్చడానికి మా దగ్గర చేరిన రోజు ఫొటో ఒక్కటీ లేదు.

ఇక్కడ నేను అద్దెకు దిగినప్పుడు ఏజెంట్ ప్రతి గదిలో గీతలతో సహా రాసిన కండిషన్ రిపోర్ట్ చేతికిచ్చాడు. అదే పద్ధతిలో ఇప్పుడు గోడలు, కొళాయిలు, ఫ్యాన్ల లిస్టు ఫొటోలతో అగ్రిమెంట్ వెనక జతచేసి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తున్నాను. బావగారికి ఇదంతా చాదస్తం.