పంజాబీ ఆశీర్వాదంలో "బుడ్ఢ్ సుహాగణ్" అంటే ఏమిటి?

కెనడాలో ఒక తెలుగు అమ్మమ్మ కథ చదివాను. కొత్తగా పెళ్లయిన మనవరాలిని పక్కింటి పంజాబీ పెద్దావిడ "బుడ్ఢ్ సుహాగణ్ హోవేఁ" అంటే, అమ్మమ్మ బాధపడుతుంది. అది తిట్టా?

కాదు, అది మన "దీర్ఘ సుమంగళీ భవ" లాంటి దీవెన. "బుడ్ఢ్" అంటే ముసలి, "సుహాగణ్" అంటే భర్త ఉన్న స్త్రీ. పండు ముసలివయసు వచ్చినా ముత్తయిదువగానే ఉండు అని భావం. అంటే భార్యాభర్తలిద్దరికీ ఆయుష్షు కోరుతున్నట్టే.

"సుహాగ్" అనేది సంస్కృత "సౌభాగ్యం" నుంచి వచ్చింది. మన శుభలేఖల్లో "చి.ల.సౌ." అని వేస్తామే, ఆ "సౌ" సౌభాగ్యవతే! అమ్మమ్మకు ఆ సగం తెలిసినదే, పాపం, ఉచ్చారణ మారేసరికి పోల్చుకోలేకపోయింది.

ఆ అమ్మాయి "పైరీ పౌణా" అని కాళ్లకు దండం పెడితే, దానికి జవాబుగా ఆవిడ ఈ మాట అంది. మొదటి ముక్క ఒక్కటే చెవిన పడితే "ముసలిదానా" అన్నట్టు అనిపిస్తుంది. చాలామంది పొరబడేది అక్కడే. పెళ్లికాని పిల్లకైతే సాధారణంగా "జ్యూందీ రహ్", అంటే "బతికుండు తల్లీ" అంటారు.